ట్రయల్ తీసుకొని వాడనివారికి ఏ మెయిల్ పంపాలి?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌కు 14 రోజుల ఉచిత ట్రయల్ ఉంది. చాలామంది నమోదు చేసుకొని మళ్లీ కనిపించడం లేదు. ఒక్కో ఫీచర్‌ను వివరిస్తూ రోజుకొక మెయిల్ పంపుతున్నాం, అయినా ఫలితం లేదు. ఏం మార్చాలి?

జవాబు: చిన్న దుకాణాలకు జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలో ఈ మెయిళ్ల బాధ్యత నేను చూశాను. మొదట్లో మేమూ మీలాగే పంపేవాళ్లం. కానీ ఒక్క బిల్లు కూడా వేయని దుకాణదారుకు స్టాక్ నివేదికల గురించి ఎంత చెప్పినా, తెరిచి చూస్తే అతనికి ఖాళీ తెరే కనిపిస్తుంది.

అందుకే ముందు ఎవరు ఎక్కడ ఆగిపోయారో మీ లాగ్‌లలో చూడండి. మా దగ్గర కొందరు నమోదు తర్వాత అసలు లాగిన్ కాలేదు, మరికొందరు లాగిన్ అయి సరుకుల జాబితా ఎక్కించే చోట ఆగారు. ఆగినవారిలో కొందరికి ఫోన్ చేశాను. ఒక హార్డ్‌వేర్ దుకాణం యజమాని, "మేకులు, స్క్రూలు, పైపులు కలిపి వందల రకాలున్నాయండీ, ఒక్కోదానికి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పన్ను రేటు కొట్టాలంటే కొట్టు మూసుకొని కూర్చోవాలి" అన్నారు. ఆ తర్వాత ఆ గుంపుకు ఫీచర్ల మెయిళ్లు ఆపేసి, "మీ జాబితా మేము ఎక్కిస్తాం" అన్న శీర్షికతో నాలుగు వాక్యాల మెయిల్ పంపాం. ఉన్న ఎక్సెల్ ఫైల్‌నో, పాత బిల్లుల ఫొటోలనో ఆ మెయిల్‌కే జవాబుగా పంపమని అడిగాం. జవాబులు చేరేది నా పెట్టెకే కాబట్టి, వచ్చిన వాటిని అదే రోజు ఎక్కించేవాళ్లం.

అసలు లాగిన్ కానివారికి వేరే మెయిల్ కావాలి. పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా నమూనా బిల్లు తెరకు తీసుకెళ్లే, ఒక్కసారి మాత్రమే పనిచేసే లింకు ఇచ్చి, రెండు సరుకులతో బిల్లు వేసి చూడమంటే సరిపోతుంది. మేము మర్నాడు ఒకటి, మూడో రోజు ఒకటి, ఏడో రోజు "ఇప్పుడు అవసరం లేదా, లేక ఎక్కడైనా ఇబ్బంది వచ్చిందా?" అని అడిగే మెయిల్ ఒకటి పంపి ఆపేసేవాళ్లం.

మొదటి బిల్లు పడగానే ఈ మెయిళ్లు ఆగిపోవాలి. ఇందులో మేము ఒక తప్పు చేశాం. మర్నాడు పంపాల్సినవారి జాబితాను రాత్రే సిద్ధం చేసి పెట్టడం వల్ల, ఉదయం బిల్లులు వేసిన ఒకరికి మధ్యాహ్నం "మీరింకా మొదలుపెట్టలేదు" అని మెయిల్ వెళ్లింది, ఆయన నొచ్చుకున్నారు. కాబట్టి పంపే క్షణంలోనే మరోసారి సరిచూడండి.

మెయిల్‌ను ఎంతమంది తెరిచారన్న లెక్కను నమ్మకండి. మెయిల్‌లోని చిత్రం లోడైతే దాన్ని తెరిచినట్టు లెక్కిస్తారు. 2021 నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యతా రక్షణ ఎంచుకున్నవారికి చిత్రాలు ముందుగానే లోడవుతాయి కాబట్టి, చదవని మెయిల్ కూడా తెరిచినట్టే నమోదవుతుంది. కొద్దిమందికి ఏ మెయిలూ పంపకుండా ఉంచి, రెండు వర్గాల్లోనూ ఎంతమంది మొదటి బిల్లు వేశారో పోల్చండి. ధర తెలుసుకోవడానికే నమోదైనవారు ఏ మెయిల్‌కూ కదలరు. వారిని ఏడో రోజు తర్వాత వదిలేయడమే నయం.