గ్లాసు కొవ్వొత్తికి ఏ మైనం మంచిది?

ప్రశ్న: తిరుపతిలో ఉంటున్నాం. గాజు గ్లాసుల్లో మల్లెపూల వాసన వచ్చే కొవ్వొత్తులు ఇంట్లోనే చేయాలనుకుంటున్నాను. పారాఫిన్, సోయా, తేనె మైనం – వీటిలో ఏది ఎక్కువసేపు వెలుగుతుంది? వాసన దేనికి బాగా వస్తుంది? మసి దేనికి తక్కువ?

జవాబు:

మాదీ తిరుపతే. మూడేళ్లుగా ఇంట్లో కొవ్వొత్తులు పోస్తున్నాను. మీకు మల్లె వాసన కావాలి కాబట్టి ఏడు పాళ్లు సోయాలో మూడు పాళ్లు పారాఫిన్ కలిపి పోయండి. వాసన కలపని కొవ్వొత్తి అయితే తేనె మైనమే అనేవాణ్ణి.

మొదట్లో మూడు ఒకే రకం గ్లాసులు తీసుకుని, ఒక్కోదానిలో ఒక్కో మైనం 150 గ్రాములు పోశాను. గ్లాసు నోరు 7 సెంటీమీటర్లు. గంటకోసారి వంటింటి తూకం మీద పెట్టి ఎంత తగ్గిందో రాసుకున్నాను. పారాఫిన్ గంటకు 5 గ్రాములు, సోయా 4, తేనె మైనం మూడున్నర తగ్గాయి. అంటే సుమారు 30, 37, 43 గంటలు. అయితే పారాఫిన్ గ్లాసులో వత్తి కాస్త సన్నది వేసి చూస్తే గంటకు నాలుగు గ్రాముల పైచిలుకే తగ్గింది. మైనం ఎంత ముఖ్యమో వత్తి మందం అంత ముఖ్యమని ఆ రోజే తెలిసింది.

మసి సంగతికి వస్తే వత్తిదే పెద్ద పాత్ర. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది. మంట కాల్చగలిగినదానికన్నా ఎక్కువ మైనాన్ని వత్తి పైకి లాగితే, కాలకుండా మిగిలిన కర్బనం అలాగే మసిగా మారుతుంది. నేను తెల్ల పింగాణీ సాసర్‌ను మంట పైన కొద్ది ఎత్తులో పట్టుకుని చూస్తాను. లావు వత్తి వేసిన పారాఫిన్‌కు సాసర్ పది నిమిషాల్లో నల్లబడింది. అదే మైనానికి సన్న వత్తి వేస్తే లేత బూడిద రంగు మరక మాత్రమే పడింది. తర్వాత ఫ్యాను వేశాను. అంతవరకు శుభ్రంగా వెలిగిన సోయా కొవ్వొత్తి కూడా గ్లాసు అంచున నల్లటి చార వేసింది. మంట రెపరెపలాడినా, వత్తి కొసన నల్లటి ముద్ద కట్టినా మసి మొదలైనట్టే. ఆర్పి, చల్లారాక వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించండి. అన్నీ సరిగా కుదిరినప్పుడు కూడా మిగతా రెండింటికన్నా పారాఫిన్‌కే మసి కొంచెం ఎక్కువ.

వాసన మంట నుంచి కాదు, దాని చుట్టూ కరిగి నిలిచిన మైనపు మడుగు నుంచి వస్తుంది. పారాఫిన్ వాసనను త్వరగా, గట్టిగా వదులుతుంది. సోయా నెమ్మదిగా వదులుతుంది. పైగా వత్తి సన్నదైతే మడుగు గ్లాసు అంచుదాకా రాక, గదిలోకి వాసన రాదు. తేనె మైనానికి సొంత తేనె వాసన ఉంది, అది మల్లెను మింగేస్తుంది. అది 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చిక్కగా ఉంటుంది కాబట్టి లావు వత్తి కావాలి. అడవి తేనె తీసేవారి దగ్గర పచ్చి మైనం కొంటే, నీళ్లతో కలిపి కరిగించి, బట్టలో వడగట్టి, చల్లారాక అడుగున అంటిన మడ్డిని గీకేయండి. తేనె, పుప్పొడి మిగిలితే వత్తిని మూసేస్తాయి. అప్పుడు మంట చిటపటలాడి చిన్నదైపోతుంది.

ఇక సోయా ఒక్కటే వాడవద్దనడానికి కారణం మన ఎండ. గ్లాసుల్లో పోసే సోయా మైనం సాధారణంగా 50 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఒక మే నెలలో పడమటి గోడకు ఆనుకున్న అల్మారాలో ఆరు గ్లాసులు పెట్టాను. వారం తిరిగేసరికి పైన చెమట బిందువుల్లా నూనె తేలింది. మెత్తబడిన మైనం సువాసన నూనెను పట్టి ఉంచలేకపోయింది. తేలిన ఆ నూనె వత్తిలోకి ఎక్కి, వెలిగించినప్పుడు మంట ఎగిరింది. 58–60 డిగ్రీల దగ్గర కరిగే పారాఫిన్ కలిపాక ఆ బాధ బాగా తగ్గింది, వాసన కూడా పెరిగింది.

మీ గ్లాసుకు 150 గ్రాములు పడితే 105 గ్రాముల సోయా, 45 గ్రాముల పారాఫిన్ తీసుకోండి. నీళ్లు మరుగుతున్న గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద వద్దు. 80 డిగ్రీల దగ్గర దించి, 9 గ్రాముల సువాసన నూనె కలిపి రెండు నిమిషాలు మెల్లగా తిప్పండి. కొవ్వొత్తుల కోసమే తయారైన నూనె తీసుకోండి, అత్తరు, సెంటు వద్దు. పోశాక పది రోజులు నీడలో కదపకుండా ఉంచండి. మూడో రోజే వెలిగించి "సోయాకు వాసన లేదు" అనుకున్నవారిలో నేనూ ఉన్నాను. అదే గ్లాసును పదో రోజు వెలిగిస్తే గుమ్మం దగ్గరే మల్లె తెలిసింది. మొదటిసారి వెలిగించినప్పుడు మాత్రం మడుగు అంచు తాకేదాకా, రెండు మూడు గంటలు, ఆర్పకండి. మధ్యలో ఆర్పితే వత్తి చుట్టూ గుంత పడి, తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ గుంతే లోతవుతుంది.