ఫోను పెట్టేసే ముందు ఆ అర నిమిషం

ప్రశ్న: పెళ్లయి ఏడాదైంది. ఒంగోలులో ఉంటాం, అత్తగారిది కావలి. నేను ఇంటి నుంచే అమెరికా కంపెనీకి పని చేస్తాను. మాట్లాడటం అయిపోయాక "ఓకే అత్తయ్యా, బై" అని పెట్టేస్తాను. "మా కోడలు మొహాన కొట్టినట్టు పెట్టేస్తది" అని ఆవిడ చుట్టాలందరి దగ్గరా అంటున్నారు. సంక్రాంతికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు కూడా "మేం వెళ్తున్నాం" అన్నానని చిన్నబుచ్చుకున్నారు. ఆఫీసులో ఇంకో బాధ. మీటింగు ఎలా ముగించాలో తెలియక ఊరికే కూర్చుంటాను, లేదా అందరికంటే ముందే చటుక్కున వచ్చేస్తాను. మా టీమ్ లీడ్ కూడా ఒకసారి ఆ మాట అన్నారు. నాకు మర్యాద తెలియదా?

జవాబు: మర్యాద తెలియకపోవడం కాదమ్మా. మీరు చివరి మాట ఒక్కటే అంటున్నారు, దాని ముందు రావలసినవి వదిలేస్తున్నారు. ఫోను సంభాషణలు ఎలా ముగుస్తాయో ఎమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వే శాక్స్ అనే ఇద్దరు అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు 1973లో ఒక వ్యాసంలో విడమరిచి చెప్పారు. ఒకరు ‘బై’ అంటే రెండోవారూ ‘బై’ అనడం ఆఖరి మెట్టు మాత్రమే. దానికంటే ముందు "నా దగ్గర కొత్త మాటలేం లేవు, నీ దగ్గరేమైనా ఉన్నాయా" అని ఇద్దరూ ఒకరికొకరు సందివ్వాలి. ఇంగ్లీషులో ఓకే, సో, ఆల్రైట్ చేసే పని అదే. మనకు ఆ పని "సరే మరి", "ఇంకేంటి" చేసిపెడతాయి. మీ "ఓకే అత్తయ్యా, బై"లో ఓకేకీ బైకీ మధ్య ఆవిడ నోరు తెరిచేంత సందు లేదు.

ముందు కావలి ఫోను సంగతి. మాటలు తగ్గుతున్నాయనిపించగానే అప్పటిదాకా మాట్లాడినదాంట్లోంచే ఒకటి పట్టుకోండి: "సరే అత్తయ్యా, అయితే ఆ బీపీ మాత్ర పొద్దున్నే మర్చిపోకుండా వేసుకోండి." ఇక్కడ ఒకటి రెండు క్షణాలు ఆగండి. పెద్దవాళ్లు అసలు సంగతి సరిగ్గా ఇక్కడే తీస్తారు: "అన్నట్టు, మీ చిన్నమామ కూతురికి సంబంధం వచ్చిందంట." దీనికి విసుక్కోకండి. వినాల్సిన మాట అదే. రెండోసారి కూడా కొత్త విషయం వస్తే దాన్ని కాదనకుండా ఇంకో రోజుకు జరపండి: "అది ఆదివారం తీరిగ్గా చెప్పుకుందాం అత్తయ్యా, ఎనిమిదిన్నరకి ఆఫీసు కాల్ ఉంది." కారణం నిజమైనదీ చిన్నదీ అయితే చాలు. నాలుగు కారణాలు చెబితే సాకులా వినిపిస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు చేస్తారో చెప్పి, "ఉంటాను అత్తయ్యా" అనండి. ఆవిడ "సరేమ్మా, ఉంటా" అన్నాక కూడా మీరు వెంటనే నొక్కొద్దు, ఆవిడే పెట్టేయనివ్వండి. ఆవిడకి ఎర్ర గుర్తు నొక్కడం చేతకాక ఊరుకుంటే మూడు క్షణాలు చూసి మీరే పెట్టేయొచ్చు. ఇదంతా కలిపి అర నిమిషం పడుతుంది, అత్తగారి దగ్గర వార్తలు ఎక్కువుంటే రెండు నిమిషాలు.

మీరు ఒకవేళ థాంక్స్ చెప్పడం కూడా అలవాటు చేసుకున్నారేమో చూసుకోండి. ఊరగాయ పంపినందుకు "థాంక్యూ అత్తయ్యా" అంటే బయటి మనిషిని చూసినట్టుంటుంది. "మాగాయ భలే కుదిరింది, ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు" అంటే ఆవిడకి అందాల్సింది అందుతుంది.

ఆఫీసులో కూడా మెట్లు అవే, మాటలే వేరు. మీ మీటింగు మన రాత్రి ఎనిమిదిన్నరకి డల్లాస్ వాళ్లతో అనుకుందాం. ఎండాకాలంలో అక్కడ ఉదయం పది. పని అయిపోయిందని మీకు తోచినప్పుడు "ఓకే, సో ఐ విల్ సెండ్ ద ఫైల్ బై టుమారో" అని మీ వంతు పనిని ఒక వాక్యంలో చెప్పండి. కావలికి మాత్ర గుర్తుచేసినట్టే ఇదీ. తర్వాత "ఎనీథింగ్ ఎల్స్ యూ నీడ్ ఫ్రమ్ మీ?" అని అడిగి ఆగండి. ఏమీ లేదంటే "థాంక్స్ ఎవ్రీవన్, టాక్ టుమారో" అనండి, వాళ్ల ‘బై’ విన్నాక బయటికి రండి. ఇక్కడ థాంక్స్ ఎంత చెప్పినా తప్పు లేదు. మధ్యలో వెళ్లాల్సి వస్తే "సారీ, ఐ హావ్ అనదర్ కాల్, సో ఐ విల్ డ్రాప్ ఆఫ్ నౌ" అంటే సరిపోతుంది. ఒకరిద్దరే ఉన్న కాల్ అయితే "ఐ విల్ లెట్ యూ గో" అనొచ్చు. అవతలివాళ్ల సమయాన్ని గౌరవించినట్టు ఉంటుంది. కాకపోతే పై అధికారితో దీన్ని మీరు ముందుగా వాడకండి, ఆయన్ని మీరు సాగనంపుతున్నట్టు వినిపిస్తుంది.

మన తెలుగు అలవాటు ఇంగ్లీషులోకి జారేది మూడు చోట్ల. "ఫోను పెట్టేస్తా" అనుకుంటూ "ఐ విల్ కీప్ ద ఫోన్" అంటాం. వాళ్లకి అది ఫోనును దగ్గర ఉంచుకోవడం. "వెళ్లొస్తా" అనుకుంటూ "ఐ విల్ గో అండ్ కమ్" అంటే, ఇప్పుడే తిరిగొస్తారని వాళ్లు కాచుకుని కూర్చుంటారు. మూడోది గుడ్ నైట్. మీకు రాత్రే కానీ వాళ్లకి పొద్దున్న, కాబట్టి వాళ్ల గడియారం చూసి "హావ్ ఎ గుడ్ డే" అనాలి. వాళ్లు మీకు "హావ్ ఎ గుడ్ నైట్" అంటే "యూ టూ" అని నోరు జారడం మామూలే, ఎవరూ పట్టించుకోరు. గుడ్ ఈవెనింగ్ మాత్రం కలిసినప్పటి మాట, వీడ్కోలుకి పనికిరాదు.

వాట్సాప్‌కి ఇన్ని మెట్లు అక్కర్లేదు. ఆ సంభాషణ ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. అత్తగారి పెద్ద మెసేజ్‌కి బొటనవేలి గుర్తు ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు, "చూశానత్తయ్యా, సాయంత్రం చేస్తా" అని రాయండి. ఇంగ్లీషు చాట్‌లో ‘గుడ్‌బై’ అని పూర్తిగా రాస్తే తెగతెంపులు చేసుకున్నట్టుంటుంది. ‘టాక్ సూన్’ చాలు.

ఇక ఇంటికి వెళ్లినప్పటి సంగతి. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో "పోతున్నాం", "వెళ్తున్నాం" దగ్గర మాట ఆపరు. "పోయొస్తాం అత్తయ్యా" అనో "వెళ్లొస్తాం" అనో తిరిగి రావడం కలిపి చెబుతారు. వీడ్కోలు వాకిట్లో మొదలవదు, కూర్చున్న చోటే మొదలవుతుంది. బయలుదేరడానికి అరగంట ముందే "ఎండ పడకముందే బయల్దేరాలి అత్తయ్యా" అని చెప్పండి. ఆవిడ "అన్నం తిని పోండి" అంటారు. మొదటిసారి కాదన్నంత మాత్రాన ఒప్పుకోరు, రెండోసారి బతిమాలతారు. ఆ రెండోసారి కాస్త మెత్తబడి "మజ్జిగ తాగి వెళ్తాం" అంటే ఆవిడ మాటా నిలుస్తుంది, మీ బస్సూ తప్పిపోదు. బొట్టు పెట్టించుకోవడం, కాళ్లకు దణ్ణం, సంచీలో పెట్టే జంతికలు అన్నీ అయ్యాక వాకిట్లో ఇంకో అయిదు నిమిషాలు పోతాయి, దాన్ని కూడా లెక్కలో వేసుకుని బస్సు టైము చూసుకోండి. ఇంగ్లీషువాళ్ల ఇళ్లలో ఇంత తతంగం ఉండదు. "వీ షుడ్ గెట్ గోయింగ్, థాంక్స్ ఫర్ హావింగ్ అస్" అని లేస్తే వాళ్లు గట్టిగా ఆపరు. ఆపలేదని నొచ్చుకోకండి.

ఒక్క చోట "వెళ్లొస్తాం" అనకూడదు. చావు జరిగిన ఇంట్లో పరామర్శ అయ్యాక ఏమీ చెప్పకుండా లేచి వచ్చేయడమే మన అలవాటు. ఆసుపత్రిలో రోగిని చూసి వచ్చేటప్పుడు కూడా "మళ్లీ వస్తాం" బదులు "తొందరగా ఇంటికి రండి" అనడం మేలు.

ఇలా ఒక నెల చేసి చూడండి. అప్పటికీ అత్తగారు చుట్టాల దగ్గర అదే మాట అంటుంటే, ఆవిడకి గుచ్చుకున్నది ఫోను పెట్టేసే తీరు కాదు, మరేదో ఉంది. దాన్ని మీరు ఫోనులో తేల్చుకోవద్దు. మీ ఆయన ఒక్కరే కావలి వెళ్లి, రాత్రి భోజనాలయ్యాక వాళ్లమ్మ పక్కన కూర్చుని "ఏమైందమ్మా" అని అడగాలి.