నల్ల పట్టీలు తోమే ముందు ఒక మాట

స్వాతీ,

ఫొటోలు చూశాను. మీ నాయనమ్మ పట్టీలే అవి, నెమలి బిళ్ళలవి. అల్యూమినియం కాగితం, వంటసోడా, వేడినీళ్ళతో ఐదు నిమిషాల్లో తెల్లబడతాయట, చెయ్యనా అని అడిగావు. వద్దమ్మా. నేనొకసారి నా కడియాలకి అలాగే చేశాను. కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది, నల్లదనం అంతా పోయింది. దానితోపాటు లతల గీతల్లో ఉన్న నలుపూ పోయింది. డిజైనే కనపడని తెల్లటి కడియాలు చేతికొచ్చాయి. మళ్ళీ కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి నలుపు పెట్టించుకోవాల్సొచ్చింది.

ఎందుకలా అయిందంటే, గాలిలోని, చెమటలోని గంధకం తగిలి వెండి మీద కట్టే నలుపూ, కంసాలి కావాలని గంధకపు మందుతో గీతల్లో పెట్టే నలుపూ ఒకటే పదార్థం. ఉడికించిన గుడ్డుకి తగిలిన వెండి చెంచా నల్లబడుతుందే, అదే ఇది. ఏది మురికో ఏది పనితనమో సోడానీళ్ళకి తెలీదు. షాపుల్లో అమ్మే, ముంచి తీసే ద్రావకానికీ తెలీదు. ఆ తేడా తెలిసేది నీ వేలికొక్కదానికే. అందుకే ఈ పట్టీలకి ముంచే పని ఏదీ పెట్టుకోకు. విభూతి, చింతపండు మామూలు తెల్ల పట్టీలకి వాడుకో. వీటికి మాత్రం వద్దు. టూత్‌పేస్ట్ అయితే ఏ వెండికీ వద్దు, సన్నటి గీతలు పడతాయి.

ముందు పట్టీని కిటికీ దగ్గర పెట్టి చూడు. నెమలి రెక్కల మధ్య పల్లాల్లో ఉన్న నలుపు రెండు పట్టీలకీ ఒకేలా ఉంటుంది. అది పనితనం. నెమలి రొమ్ము మీద, బిళ్ళల అంచుల మీద పసుపుగా, గోధుమరంగుగా, అక్కడక్కడ ఊదాగా మచ్చలున్నాయి చూడు, అవే పోవాల్సినవి. పట్టీ లోపల లక్క నింపి ఉన్నా, రాళ్ళు అతికించి ఉన్నా నీళ్ళలో పెట్టకు, తడిగుడ్డతో తుడువు చాలు. నీవాటికి అవేవీ ఉన్నట్టు కనపడలేదు.

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, ఒక్క పట్టీనే ఐదు నిమిషాలు ఉంచు. పసిపిల్లల మెత్తటి బ్రష్‌తో గీతల వెంబడే మెల్లగా తోము. నీళ్ళు బూడిదరంగుకి తిరుగుతాయి. కంగారుపడకు, అది పసుపు, నూనె, దుమ్ము. చాలాసార్లు సగం నలుపు ఇదే. సింకులో కాకుండా ఇంకో గిన్నెలోనే జాడించు, సీల ఊడిపోతే దొరకదు. తర్వాత నూలుగుడ్డలో ఒత్తి, మువ్వల్లో నీళ్ళు దిగేలా విదిలించి, ఫ్యాన్ కింద రాత్రంతా ఆరనియ్యి. మువ్వల్లో తడి మిగిలితే లోపల్నుంచి మళ్ళీ మచ్చ కడుతుంది.

అసలు పని మర్నాడు. వెండి షాపులో పాలిష్ గుడ్డ అమ్ముతారు, అది తెచ్చుకో. ఒక్క పొరే వేలికి బిగుతుగా చుట్టుకో. వదులుగా ఉంటే గుడ్డ పల్లాల్లోకి దిగి అక్కడి నలుపుని కూడా ఎత్తేస్తుంది. పట్టీని మడతపెట్టిన తువ్వాలు మీద పరిచి, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే, ఒకే వైపుకి, ఒత్తకుండా రుద్దు. నెమలి ముక్కులాంటి సన్నటి చోట్లకి వేలు పట్టదు. ఐస్‌క్రీమ్ పుల్ల చివరికి గుడ్డ చుట్టి రుద్దు. నాలుగైదుసార్లు రుద్దగానే ఆగి, రెండో పట్టీ పక్కన పెట్టి చూడు. పల్లాల్లో నలుపు పలచబడి బూడిదరంగు కనిపిస్తే అక్కడితో ఆపెయ్యి. పూర్తిగా మెరిసేదాకా రుద్దాలనుకోకు. ఎత్తుల మీద కాస్త మసక ఉంటేనే పాతపనికి అందం. గుడ్డ నల్లబడుతుంది, కానీ ఉతక్కు, అందులోని మందు పోతుంది.

దాచేటప్పుడు ఒక్కోదాన్నీ విడిగా జిప్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, ఒక సుద్దముక్క వెయ్యి. అది తేమ పీల్చుకుంటుంది. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకు, అందులోనూ గంధకం ఉంటుంది, చుట్టిన చోటల్లా నల్లటి గీత పడుతుంది. కాళ్ళకి పసుపు, లోషన్ ఏది రాసుకున్నా బాగా ఆరాకే పట్టీలు పెట్టుకో.

మొదటి పట్టీ అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి కిటికీ వెలుగులో ఫొటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా రెండోది తడపకు.

మీ పెద్దమ్మ