లీవ్ చెప్పి తీసుకున్నా ఆబ్సెంట్ పడితే

"మేనేజర్ ఫోన్‌లో సరే అన్నారు, రెండు నెలలయ్యాక ఆ రెండ్రోజులు ఆబ్సెంట్ అని జీతం కట్ చేశారు, ఏం చూపించాలి?"

నోటిమాటతో ఆగిపోయి సిస్టమ్‌లో ఎంట్రీ పడలేదు, ఎక్కువగా జరిగేది ఇదే.

1. ఆ రోజు కాల్ లాగ్, ఆ చుట్టుపక్కల చాట్ వెతకండి. స్క్రీన్‌షాట్‌లో పేరు, తేదీ, టైమ్ మూడూ కనపడాలి, క్రాప్ చేసిందైతే ఎవరూ నమ్మరు.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫోన్ పెట్టేయగానే "ఇప్పుడు మాట్లాడినట్టు 12, 13 తేదీలు సిక్ లీవ్ తీసుకుంటున్నా" అని ఒక్క లైన్ మెయిల్ కొట్టాలి, ఆయన రిప్లై ఇవ్వకపోయినా మీరు ఆరోజే చెప్పినట్టు తేదీతో సహా ఉంటుంది, ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాసినదానికి అంత బలం ఉండదు. (డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆన్‌లో ఉంటే ముందు ఆపేయండి.)

3. నోట్స్‌లో తేదీ, లీవ్ రకం, ఎవరికి చెప్పారు, మిగిలిన బ్యాలెన్స్ రాసి నెలనెలా పేస్లిప్‌తో చూసుకోండి. 8 ఉన్నవి 6 కాకుండా 8గానే ఉంటే ఎంట్రీ పడలేదన్నట్టే, ఆ నెలలోనే అడగండి.