కంపెనీ పేరు చెప్పొద్దన్నారు, మెసేజ్ ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, నేను ఎంబీఏ హెచ్‌ఆర్ రెండో సంవత్సరం. అమీర్‌పేటలో ఒక రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఒక ఫార్మా కంపెనీ ప్లాంట్‌కి క్వాలిటీ హెడ్‌ని వెతకమన్నారు, కానీ కంపెనీ పేరు ఎవరికీ చెప్పకూడదట. "ప్రముఖ ఫార్మా కంపెనీలో మంచి అవకాశం, ఆకర్షణీయమైన జీతం, వెంటనే సీవీ పంపండి" అని లింక్డ్‌ఇన్‌లో 40 మందికి పెట్టాను. ముగ్గురే జవాబిచ్చారు, అందులో ఒకాయన "ఇది ఫేక్ కదా" అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పేరు చెప్పకుండా వాళ్ళకి నమ్మకం కలిగేలా ఎలా రాయాలి?

జవాబు: ఆయన అలా అడగడంలో తప్పేం లేదమ్మా. పదిహేను, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న క్వాలిటీ మనిషి ఆయన, ఆ రంగంలో అందరికీ అందరూ తెలుసు, తను బయట వెతుకుతున్నాడని పై ఆఫీసర్ చెవిన పడితే మర్నాటి నుంచి పరిస్థితి వేరుగా ఉంటుంది. అలాంటి మనిషిని నువ్వు సీవీ అడిగావు, అంటే పేరు, ఫోను, ఇప్పటి కంపెనీ అన్నీ ఇమ్మన్నావు, నీ వైపు నుంచి మాత్రం ఒక్క సంగతీ చెప్పలేదు. పేరు దాచినందుకు కాదు ఆయన అనుమానపడింది, పేరుతో పాటు మిగతావన్నీ దాచినందుకు.

రాయడానికి ముందు మీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఒక మాట అడుగు: పేరు ఎందుకు దాస్తున్నారు? ఎక్కువ సార్లు కారణం ఒకటే ఉంటుంది, ఆ కుర్చీలో ఇప్పుడు ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, తనని మారుస్తున్నారని ఆయనకి ఇంకా తెలియదు. కొన్నిసార్లు కొత్త ప్లాంటో, ఇంకో కంపెనీని కొనడమో ఉంటుంది, అది బయటికి ప్రకటించలేదు. ఈ రెండింటికీ దాచాల్సిన వివరాలు వేరు. మొదటి దాంట్లో పేరు దాస్తే చాలదు, ఊరి విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ ప్లాంట్‌కి ఒక్కడే క్వాలిటీ హెడ్. రెండో దాంట్లో ఊరు చెప్పినా పెద్ద నష్టం ఉండకపోవచ్చు, అక్కడ దాచాల్సింది కొత్తగా రాబోయే పని. కారణం తెలిశాక, ఏమేం చెప్పొచ్చో క్లయింట్ హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్‌లో తెప్పించుకోమను. జీతం రేంజ్, ఎవరికి రిపోర్ట్ చేయాలి, కింద ఎంతమంది, ఏ మార్కెట్‌కి మందులు వెళ్తాయి, పేరు ఏ దశలో చెప్పొచ్చు, ఈ అయిదూ చాలు. నోటి మాటగా అనుకుంటే రేపు పేరు బయటపడిన రోజున మాట నీ మీదికి వస్తుంది.

ఇక అసలు కిటుకు. నువ్వు రాసిన వివరాలు చదివితే ఎన్ని కంపెనీలు సరిపోతాయో వేళ్ళ మీద లెక్కపెట్టు. "ప్రముఖ ఫార్మా కంపెనీ" అంటే హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్నింటికో సరిపోతుంది, అందుకే ఎవరూ నమ్మరు. అదే "పాశమైలారంలో టాబ్లెట్ల ప్లాంట్, పోయిన నెల యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీలో ఇన్ని అబ్జర్వేషన్లు వచ్చాయి" అన్నావనుకో, పేరు చెప్పేసినట్టే. లిస్టెడ్ కంపెనీలు అమెరికా మందుల నియంత్రణ సంస్థ చేసే ఇలాంటి తనిఖీల సంగతి స్టాక్ ఎక్స్ఛేంజికి తెలియజేస్తుంటాయి, క్వాలిటీ వాళ్ళు ఆ వార్తలు రోజూ చూస్తూనే ఉంటారు, అయిదు నిమిషాల్లో కనుక్కుంటారు. నేనైతే అయిదు నుంచి పది కంపెనీలకి సరిపోయేలా రాస్తాను. అంత ఉంటే చదివినవాడికి "ఇది నిజమైన ఉద్యోగమే" అని తెలుస్తుంది, ఏది అని మాత్రం తేలదు.

ఊరి విషయంలో ఒక ఉపాయం చెప్తాను. అభ్యర్థికి నిజంగా కావాల్సింది గ్రామం పేరు కాదు, ఇల్లు మారాలా, పిల్లల స్కూలు మార్చాలా అన్నది. కాబట్టి "మియాపూర్, కూకట్‌పల్లి వైపు ఇల్లుంటే రోజూ వెళ్ళి రావచ్చు" అని రాయి. బొల్లారం, జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం, గడ్డపోతారం అన్నీ ఆ దూరంలోనే ఉన్నాయి, అన్ని చోట్లా మందుల కంపెనీలున్నాయి. ఆయనకి కావాల్సిన జవాబు దొరికింది, నీ గుట్టు నీ దగ్గరే ఉంది. తనిఖీ సంగతి కూడా అంతే, జరిగిన సంఘటనలా రాస్తే దొరికిపోతావు, మనిషికి ఉండాల్సిన అనుభవంలా రాస్తే దొరకవు.

మెసేజ్ ఎలాగూ ఇంగ్లీషులో వెళ్తుంది, విషయం నీకు పట్టుబడాలని తెలుగులోనే రాస్తున్నాను:

"నమస్తే ఫలానా గారు, నేను ఫలానా కన్సల్టెన్సీ నుంచి ఫలానాని. టాబ్లెట్లు తయారుచేసే ఒక ప్లాంట్‌కి క్వాలిటీ హెడ్ కోసం వెతుకుతున్నాం. కార్పొరేట్ క్వాలిటీ హెడ్‌కి రిపోర్ట్ చేయాలి, కింద సుమారు 70 మంది. మందుల్లో ఎక్కువ భాగం అమెరికాకి వెళ్తాయి, అందుకని యూఎస్‌ఎఫ్‌డీఏ తనిఖీని ముందుండి నడిపించినవారు కావాలి, మీ ప్రొఫైల్‌లో అలాంటి అనుభవం కనిపించి రాస్తున్నాను. మియాపూర్ వైపు నుంచి రోజూ వెళ్ళి రావచ్చు. జీతం ఏడాదికి 45 నుంచి 55 లక్షల మధ్య. ఈ నియామకం గురించి క్లయింట్ ఇంకా బయటికి చెప్పలేదు కాబట్టి పేరు ఇక్కడ రాయలేను. మీకు ఆసక్తి ఉంటే 15 నిమిషాలు మాట్లాడదాం, ఆ కాల్‌లో పేరు చెప్తాను. పేరు విని మీరు సరే అన్నాకే మీ సీవీ తీసుకుంటాను, అప్పటిదాకా మీ వివరాలు ఎవరికీ వెళ్ళవు. మీ సీవీ ఏదైనా కంపెనీకి వెళ్ళకూడదనుకుంటే ముందే చెప్పండి."

కింద నీ పూర్తి పేరు, ఆఫీసు మెయిల్, ఆఫీసు నంబరు, మీ కన్సల్టెన్సీ వెబ్‌సైట్. క్లయింట్ పేరు దాస్తున్నప్పుడు నీ పేరు ఇంకా స్పష్టంగా కనపడాలి. జీమెయిల్ నుంచి పంపి, ప్రొఫైల్‌లో ఫొటో కూడా లేకపోతే ఎంత బాగా రాసినా ఫేక్ అనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. ఆధార్, పాన్, పే స్లిప్పులు ఇప్పుడు అడగకు. అభ్యర్థిని డబ్బు అడిగే మాట అసలు రాకూడదు, మన ఫీజు ఇచ్చేది క్లయింటే.

ఆ మెసేజ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనవి చివరి రెండు వాక్యాలు, ఎందుకో చెప్తాను. పేరు చెప్పకుండా సీవీ తీసుకుని క్లయింట్‌కి పంపేశావనుకో, ఆయన అదే కంపెనీకి నెల కిందట ఇంకో కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళి ఉండొచ్చు. ఒకే మనిషి రెండు చోట్ల నుంచి వస్తే ఫీజు ఎవరిదని గొడవ మొదలవుతుంది, ఆ తలనొప్పి ఎందుకని క్లయింట్ ఆయన్నే పక్కన పెట్టేస్తారు. ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఆ సీవీ వెళ్ళిన చోటు ఆయన ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి సోదర సంస్థ అయితే? నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు అచ్చం ఇదే జరిగింది. పేరు చెప్పకుండా ఒకాయన సీవీ పంపాను, రెండు కంపెనీలకీ యజమాని ఒక్కరే అని నాకు తెలియదు, మూడో రోజు ఆయన్ని వాళ్ళ హెచ్‌ఆర్ పిలిచి "వెళ్ళిపోదామనుకుంటున్నారట కదా" అని అడిగారు. ఆయన నాకు ఫోన్ చేసి తిట్టలేదు, "అమ్మా, ఒక్క మాట అడగాల్సింది" అన్నారు, అంతే. ఇన్నేళ్ళయినా ఆ గొంతు మర్చిపోలేను. అందుకే లిస్టు తయారుచేసేటప్పుడే క్లయింట్ పేరు, వాళ్ళ గ్రూపు కంపెనీల పేర్లు, పాత పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వాటిల్లో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళని తీసేయి. నీ 40 మందిలో అలాంటివాళ్ళు ఉన్నారేమో ఈ రోజే చూడు.

పేరు మన నోటి నుంచి కాకుండా వేరే దారుల్లో కూడా జారిపోతుంది. జాబ్ డిస్క్రిప్షన్ ఫైల్‌ని క్లయింట్ ఇచ్చింది ఇచ్చినట్టు పంపకు. పైన లోగో తీసేసినా ఫైల్ పేరులో కంపెనీ పేరు ఉంటుంది, అది మార్చినా వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే ఆథర్, కంపెనీ అన్న చోట పేరు కనపడుతుంది. వర్డ్‌లో ఫైల్ మెనూకి వెళ్ళి ఇన్‌ఫోలో చెక్ ఫర్ ఇష్యూస్, అందులో ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కితే అవి తీసేయొచ్చు, నేనైతే కొత్త ఫైల్ తెరిచి నా మాటల్లో మళ్ళీ టైప్ చేస్తాను. నా మాటల్లో అని ఎందుకన్నానంటే, కంపెనీ వెబ్‌సైట్‌లోని వాక్యాన్ని యథాతథంగా దించితే దాన్ని కొటేషన్లలో పెట్టి గూగుల్‌లో కొడితే చాలు, మొదటి ఫలితంలోనే పేరు వచ్చేస్తుంది.

ఇక కొందరు "ఫలానా కంపెనీయేనా?" అని తిరిగి అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ఇక్కడ చాలామంది జారిపోతారు. తప్పు పేరు చెప్పినప్పుడు "కాదండీ" అంటారు, ఇంకో తప్పు పేరుకీ "కాదండీ", సరైన పేరు వచ్చేసరికి మాట్లాడరు. ఆ మౌనమే జవాబైపోతుంది. కాబట్టి మొదటి పేరు నుంచే ఒకే మాట: "ఏ పేరుకీ అవుననీ కాదనీ మెసేజ్‌లో చెప్పలేనండీ, కాల్‌లో నేనే చెప్తాను." అబద్ధంగా "కాదు" అని మాత్రం అనకు, రెండు రోజుల తర్వాత అదే పేరు చెప్పాల్సింది నువ్వే.

కాల్ తీసుకున్నప్పుడు పేరు నిజంగా చెప్పెయ్యి, వాయిదా వేయకు. ముందు "ఈ పేరు మన మధ్యే ఉండాలి" అని ఒప్పించుకో, ప్రస్తుత కంపెనీ, నోటీస్ పీరియడ్, ఎందుకు మారాలనుకుంటున్నారు అని అడుగు, సరిపోతారనిపిస్తే అప్పుడు చెప్పు. ఒకవేళ ఇంటర్వ్యూ దాకా పేరు చెప్పొద్దని క్లయింట్ పట్టుపడితే ఆ సంగతి మొదటి మెసేజ్‌లోనే రాయాలి. అలాంటప్పుడు మీ మేనేజర్ ఒప్పుకుంటే, పేరూ ఫోనూ ఇప్పటి కంపెనీ పేరూ లేని ఒక పేజీ వివరాలు మాత్రమే క్లయింట్‌కి పంపండి, క్లయింట్ మాట్లాడదాం అన్నాక అభ్యర్థికి పేరు చెప్పి, ఒప్పుకుంటేనే సీవీ పంపండి.

ఫేక్ అన్న ఆయన్ని వదిలేయకు. "మీరు అడిగింది సరైనదేనండీ, మొదటి మెసేజ్‌లో వివరాలు ఇవ్వలేదు" అని రాసి కొత్త మెసేజ్ పంపు, "మా ఆఫీసు నంబరుకి మీరే ఫోన్ చేసి నా గురించి అడగొచ్చు" అని కూడా చేర్చు. పంపే ముందు రిసెప్షన్‌లో నీ పేరు చెప్పి ఉంచు, ఆయన నిజంగా ఫోన్ చేస్తే "అలాంటివాళ్ళు ఎవరూ లేరే" అనకుండా.