అద్దానికి శక్తి దక్కకపోయినా ఎక్కువ తోపు ఎందుకు?

ప్రశ్న: నల్లని పలక సూర్యకాంతి శక్తినంతా తీసుకుంటుంది, అద్దం ఏమీ ఉంచుకోదు. మరి అద్దం మీదే వికిరణ పీడనం రెట్టింపు ఎలా అవుతుంది?

పీడనాన్ని నిర్ణయించేది పలకలో మిగిలిన శక్తి కాదు, కాంతి ద్రవ్యవేగంలో వచ్చిన మార్పు. E శక్తి ఉన్న కాంతికి ద్రవ్యవేగం E/c; ఇక్కడ c అంటే కాంతి వేగం. నల్లని పలక దాన్ని ఆపేస్తుంది కాబట్టి మార్పు E/c. అద్దం దాన్ని ఆపి, అంతే వేగంతో వెనక్కి పంపుతుంది కాబట్టి మార్పు 2E/c. గోడకు అంటుకున్న మట్టిముద్ద కన్నా, కొట్టి వెనుదిరిగిన బంతి గోడను ఎక్కువగా నెట్టినట్టే.

భూమి దూరంలో, వాతావరణం వెలుపల, సూర్యకాంతి తీవ్రత I చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. కాంతి నిటారుగా పడితే:

నలుపు: I/c ≈ 4.5 µPa
అద్దం: 2I/c ≈ 9.1 µPa

కాంతి తోపుతో నడిచే 100 చదరపు మీటర్ల అంతరిక్ష తెరచాపపై బలం 0.45, 0.91 మిల్లీన్యూటన్లు మాత్రమే.

శక్తి లెక్క ఎక్కడా తప్పదు. నిశ్చలంగా ఉన్న అద్దంపై బలం పని చేయదు. అద్దం కాంతి దిశలో కదిలితే, తిరిగివచ్చే కాంతి పౌనఃపున్యం కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గిన శక్తే అద్దపు గతిశక్తి అవుతుంది.

చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. నల్లని పలక వేడెక్కి తానూ వికిరణం చేస్తుంది. రెండు వైపులా సమానంగా చేస్తే ఆ తోపులు రద్దవుతాయి. వెనుకవైపు ఉష్ణబంధకం ఉండి ముందువైపు నుంచే అన్ని దిశలకూ వెదజల్లితే, సూర్యుడి నుంచి దూరంగా మరో (2/3)I/c చేరుతుంది. అప్పుడు నలుపు, అద్దాల నిష్పత్తి 1:2 కాదు, 5:6.