మొదటి కిలోమీటరు దగ్గర జాగ్రత్త, అమ్మడూ!

అమ్మడూ,

వైజాగ్ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చావని, గంటలోపు పూర్తి చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి పిల్ల అంత మాట అన్నందుకు ముచ్చటేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఎందుకంటే నీ ఐదు కిలోమీటర్ల పరుగు లెక్క ఇంకా నా దగ్గరే ఉంది.

కొత్త బూట్లు ఆ రోజు వేసుకోకు. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిను. అవి చాలు.

ఇప్పుడు ఆ లెక్క చూడు. మొదటి కిలోమీటరు 5:10, తర్వాత 5:30, 5:55, 6:10, చివరిది 6:00. మొత్తం 28 నిమిషాల 45 సెకన్లు. నువ్వు మూడో కిలోమీటరులో నీరసపడ్డానన్నావు. కాదు, నిన్ను దెబ్బతీసింది మొదటి కిలోమీటరే. పరుగు మొదలైన తొలి నిమిషం, రెండు నిమిషాలు గుండె, ఊపిరి ఇంకా వేగం అందుకోవు. కండరాల్లో అప్పటికే ఉన్న శక్తితో బండి నడుస్తుంది. పైగా చుట్టూ జనం, మైకులో పాటలు, ఒంట్లో ఉద్రేకం. అందుకే అప్పుడు ఏ వేగమైనా తేలిగ్గానే అనిపిస్తుంది. ఆ తేలికను నమ్మితే ఆక్సిజన్ సరిపోక కండరాలు వాడేసిన శక్తికి రెండో కిలోమీటరు నుంచే మూల్యం చెల్లించాలి. ముందు సంపాదించిన ప్రతి పది సెకన్లకూ వెనక ఇరవై, ముప్పై పోతాయి. ఐదు కిలోమీటర్లలో ఎలాగో ఈడ్చుకొచ్చావు. పదిలో అదే పని చేస్తే ఆరో కిలోమీటరులో నడక మొదలవుతుంది, తల్లీ.

పది కిలోమీటర్ల అంచనా కోసం 5 కిలోమీటర్ల టైమును రెట్టింపు చేసి, అలసటకు రెండున్నర నిమిషాలు కలిపితే నీకు సరిగ్గా గంట వస్తోంది. అంటే గంట నీకు అందుతుంది, కానీ వృథా చేసుకోవడానికి అందులో ఏమీ మిగలదు. అందుకని ఇలా పరుగెత్తు. మొదటి కిలోమీటరు 6:12. రెండు నుంచి ఎనిమిది దాకా ఒక్కోటి 6:00. ఎనిమిదో కిలోమీటరు బోర్డు దగ్గర 48:12 ఉండాలి. తొమ్మిదోది 5:55, పదోది 5:45. మొత్తం 59:52.

మొదట్లో వదిలేసిన 12 సెకన్లకు బెంగపడకు. 2020లో వాలెన్సియాలో జాషువా చెప్తెగీ పదివేల మీటర్లలో 26:11తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు కూడా రెండో సగమే మొదటి సగం కన్నా నాలుగు సెకన్లు వేగం.

మొదటి కిలోమీటరులో పక్కనున్న వాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే, తగ్గించు. జనం నిన్ను దాటిపోతారు, పోనీ. మధ్య కిలోమీటర్లలో మూడు నాలుగు మాటలకు మించి రాకూడదు.

వాచీలో ఆ క్షణానికి కనబడే వేగాన్ని పట్టుకుని పరుగెత్తకు, అది ఊరికే ఊగిసలాడుతుంది. ప్రతి కిలోమీటరు బోర్డు దగ్గర ల్యాప్ బటన్ నువ్వే నొక్కు. మలుపుల్లో బయటి అంచున తిరుగుతాం కాబట్టి వాచీ చివరికి 10.1 అని చూపించడం మామూలే. వాచీ సగటు 6:00 అని మురిసిపోతే గీత దాటేసరికి గంటా 36 సెకన్లవుతుంది.

ఎత్తు వచ్చినచోట వేగం కాదు, ఊపిరి సమానంగా ఉంచు. పది సెకన్లు పోతే పోనీ, దిగువలో కొంత తిరిగొస్తుంది. ఆరు, ఏడు కిలోమీటర్లలో మనసు ఎటో వెళ్తుంది. తెలియకుండానే 6:00 కాస్తా 6:08 అవుతుంది. అక్కడ మాత్రం ల్యాప్ టైము తప్పకుండా చూడు.

ఎనిమిదో బోర్డు దాటాక ఇంక దాచుకోవడం వద్దు. ఒక్కసారిగా ఉరకకు. అంగలు సాగదీయకుండా అడుగులు త్వరత్వరగా వేయి, చేతులు గట్టిగా ఆడించు. నీ ముందున్న ఒక మనిషిని చూసుకుని మెల్లగా అందుకో, అందుకున్నాక ఇంకొకరిని. తొమ్మిదో బోర్డు దగ్గర కష్టంగా ఉండాలి, మాట రాకూడదు. చివరి 400 మీటర్లలో మిగిలిందంతా పెట్టెయ్.

ఇక నా భయం చెప్తాను, విసుక్కోకు. వైజాగ్ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. స్టార్ట్ దగ్గరే గాలి ఆడకపోతే ప్రతి కిలోమీటరుకూ పది సెకన్లు కలిపేసుకుని గంట సంగతి మర్చిపో. ఎండలో ఒళ్లు జలదరించినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ చివరి రెండు కిలోమీటర్ల పట్టుదల అక్కడే వదిలేసి ఆగు, మెడికల్ వాళ్లను పిలువు. ముందు జాగ్రత్త అంటూ నొప్పి మాత్ర మింగి పరుగెత్తావంటే ఊరుకోను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీలకు చేటు.

గీత దాటాక కూలబడకు, పది నిమిషాలు నడువు. తర్వాత నాకు మొత్తం టైము కాదు, పది ల్యాపులూ విడివిడిగా పంపు. మొదటిదే ముందు చూస్తాను.

మీ మావయ్య